మూడు అంకెల లెక్కకు పది అంకెల జవాబు

ఇంటర్‌లో ఫిజిక్స్ చదివిన వాళ్లకు రెండు సంఖ్యలు ఎప్పటికీ గుర్తుంటాయి. ఒకటి విశ్వ గురుత్వ స్థిరాంకం G. మీటరు, కిలో, సెకను కొలమానాల్లో దాని విలువ 6.67 × 10⁻¹¹. రెండోది భూమి ద్రవ్యరాశి M, 5.97 × 10²⁴ కిలోలు. మొదటిది ఎంత చిన్నదంటే, దశాంశ బిందువు పెట్టి పది సున్నాలు రాశాక గానీ మొదటి ఆరు కనిపించదు. రెండోదాన్ని విడమరచి రాయాలంటే 597 పక్కన ఇరవై రెండు సున్నాలు పెట్టాలి. ఈ బుల్లి సంఖ్యనూ ఆ మహా సంఖ్యనూ గుణిస్తే వచ్చేదే GM. ఉపగ్రహం ఎంత ఎత్తులో తిరగాలో, చంద్రుడు ఎన్ని రోజులకు మన చుట్టూ ఒక చుట్టు తిరుగుతాడో తేల్చేది ఆ లబ్ధమే.

ఫోన్‌లో ఉన్న కాలిక్యులేటర్‌తో గుణించి చూడండి. 3.98199E14 అని వస్తుంది, అంటే 3.98199 × 10¹⁴. మనం ఇచ్చింది మూడేసి అంకెలున్న రెండు సంఖ్యలు. వచ్చింది ఆరంకెల జవాబు. మరి అదనంగా వచ్చిన మూడంకెల్ని ఎవరు కొలిచారు? ఎవరూ కొలవలేదు. గుణకారంలో అవి వాటంతట అవే పుట్టుకొచ్చాయి.

ముందు ఈ సంఖ్యల్ని ఇలా పది ఘాతంతో ఎందుకు రాస్తారో చూద్దాం. కాగితం ఆదా చేయడానికే అనుకుంటారు చాలామంది. అదొక్కటే కారణం కాదు. భూమి ద్రవ్యరాశిని ఇరవై రెండు సున్నాలతో విడమరచి రాస్తే, ఆఖరి కిలో దాకా తూచి చెబుతున్నట్టు ఉంటుంది. ఆ సున్నాల్లో కొలిచినవి ఏవో, ఖాళీ నింపడానికి పెట్టినవి ఏవో చూసేవాడికి తెలియదు. 5.97 × 10²⁴ అని రాస్తే ఆ గందరగోళం ఉండదు. ముందున్న 5.97 మనం కొలిచి తెలుసుకున్న భాగం. ఆ మూడూ సార్థక అంకెలు. వెనకున్న 10²⁴ పరిమాణం ఎంతో మాత్రమే చెబుతుంది, కొలత నాణ్యత గురించి ఏమీ చెప్పదు. ఈ పద్ధతిలో చివరి సున్నాకు కూడా విలువ ఉంటుంది. 5.97 బదులు 5.970 అని రాశామంటే నాలుగో అంకె కూడా కొలిచామని, అది సున్నా అని తేలిందని చెబుతున్నట్టే. నిజానికి ఆ నాలుగో అంకె 2. కాబట్టి 5.97 ఒప్పు, 5.970 తప్పు.

గుణించే తీరు సులువే. ముందు భాగాల్ని గుణించాలి, ఘాతాంకాల్ని కూడాలి. 6.67ను 5.97తో గుణిస్తే 39.8199 వస్తుంది. −11, 24 కూడితే 13. అంటే 39.8199 × 10¹³. ముందు భాగం ఒకటికీ పదికీ మధ్య ఉండాలి కాబట్టి బిందువును ఒక స్థానం ఎడమకు జరుపుతాం. ముందు భాగం పదో వంతైంది గనక ఘాతాంకాన్ని ఒకటి పెంచి 14 చేయాలి. హడావిడిలో పిల్లలు పొరబడేది ఇక్కడే. పెంచాల్సిన చోట తగ్గించి 12 అని రాసేస్తారు.

అలాంటి తప్పును పట్టుకునే దారి ఒకటుంది. GMను భూమి వ్యాసార్థపు వర్గంతో భాగిస్తే గురుత్వ త్వరణం g రావాలి. అది 9.8 దరిదాపుల్లో ఉంటుందని అందరికీ తెలుసు. వ్యాసార్థం 6.37 × 10⁶ మీటర్లు, దాని వర్గం సుమారు 4.06 × 10¹³. ఘాతాంకం 14 అయితే 9.8 వస్తుంది. 13 అని రాసి ఉంటే 0.98, 12 అని రాసి ఉంటే 0.098 వస్తుంది. అంత మెల్లగా రాయి పడే గ్రహం మనది కాదు. సార్థక అంకెల్లో పొరపాటు జరిగితే జవాబు కాస్త అటూ ఇటూ అవుతుంది. ఘాతాంకంలో జరిగితే ఏకంగా మరో గ్రహం మీద ఉంటాం.

ఇదే లెక్కలో ఇంకో సంగతి కూడా ఉంది. GMను ముందే 3.98కి, వ్యాసార్థపు వర్గాన్ని ముందే 4.06కి కుదించి భాగిస్తే g 9.80 అని వస్తుంది. కుదించకుండా 3.98199ను 4.05769తో భాగించి, చివర్లో ఒక్కసారే మూడంకెలకు తెస్తే 9.81 వస్తుంది. మధ్యలో కత్తిరించిన పాపానికి మూడో అంకె మారిపోయింది. అందుకే లెక్క నడుస్తున్నంతసేపూ అదనపు అంకెల్ని ఉండనిచ్చి, జవాబు రాసేటప్పుడే తీసేస్తారు.

ఎన్ని తీసేయాలి? అంకెలు తక్కువగా ఉన్న కొలతలో ఎన్ని సార్థక అంకెలుంటే జవాబులోనూ అన్నే ఉంచాలని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఆ సూత్రాన్ని బట్టీ పట్టేకన్నా ఒకసారి చేసి చూస్తే ఎందుకో అర్థమవుతుంది. 6.67 అని రాసినప్పుడు అసలు విలువ 6.665కీ 6.675కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అలాగే 5.97 అంటే 5.965కీ 5.975కీ మధ్య. రెండూ కనిష్ఠంగా ఉంటే లబ్ధం 39.76. రెండూ గరిష్ఠంగా ఉంటే 39.88. ఘాతాంకం సరిచేస్తే, GM 3.976 × 10¹⁴ నుంచి 3.988 × 10¹⁴ దాకా ఏదైనా కావచ్చు. మొదటి రెండంకెలు గట్టివి. మూడోది 8 కావచ్చు, సవరిస్తే 9 కూడా కావచ్చు. నాలుగో అంకె నుంచి మనకేమీ తెలియదు. కాబట్టి 3.98 × 10¹⁴ దగ్గర ఆగాలి. ఈ సూత్రం మోటుదే, ఆ మాటా చెప్పుకోవాలి. 1.02, 9.98 రెండూ మూడంకెల కొలతలే అయినా, మొదటిదాంట్లో అనిశ్చితి సుమారు అర శాతం, రెండోదాంట్లో దానిలో పదో వంతు. అయినా రోజువారీ లెక్కకు ఈ సూత్రం చాలు.

అంకెలు ఎక్కువైతే పోయేదేముంది, జవాబు పక్కన ఇంకో మూడంకెలు ఉంటే నష్టమేంటి అని అడగొచ్చు. భూస్థిర ఉపగ్రహాన్ని తీసుకుందాం. శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీలు మోసుకెళ్లే జీశాట్ ఉపగ్రహాల్లో చాలావాటి గమ్యం భూస్థిర కక్ష్యే. అక్కడ ఉపగ్రహం 86,164 సెకన్లకు, అంటే 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. భూమి కూడా అంతే సమయంలో తన చుట్టూ తాను తిరుగుతుంది గనక, ఉపగ్రహం మనకు ఆకాశంలో ఒకే చోట నిలబడ్డట్టు కనిపిస్తుంది. ఆ కాలాన్నీ GMనూ కెప్లర్ సూత్రంలో పెడితే కక్ష్య వ్యాసార్థం వస్తుంది. అసలు వ్యాసార్థం భూకేంద్రం నుంచి 42,164 కిలోమీటర్లు. కాలిక్యులేటర్ ఇచ్చిన 3.98199 × 10¹⁴ను నమ్మి లెక్కగడితే 42,150 వస్తుంది. తేడా పద్నాలుగు కిలోమీటర్లు.

నలభై రెండు వేల కిలోమీటర్లలో పద్నాలుగు ఎంతలే అనిపిస్తుంది. కానీ ఆ కింది కక్ష్యలో ఉపగ్రహం ఒక్కో చుట్టును 43 సెకన్లకు పైగా ముందే ముగిస్తుంది. దానివల్ల రోజుకు సుమారు 0.18 డిగ్రీలు తూర్పుకు జరుగుతుంది. భూస్థిర ఉపగ్రహాల్ని మామూలుగా కేటాయించిన స్థానానికి అటూ ఇటూ 0.1 డిగ్రీ లోపే ఉంచుతారు. అంటే రోజు తిరక్కుండానే ఇది గీత దాటేస్తుంది. నెల తిరిగేసరికి ఐదు డిగ్రీలు పక్కకు పోతుంది. మేడ మీద డిష్ చూసే చోట అది ఉండదు.

అదే 3.98 × 10¹⁴ అని రాసిన వాడు మోసపోడు. ఆ మూడంకెల్లో ఉన్న అనిశ్చితి కక్ష్య వ్యాసార్థంలో పద్దెనిమిది కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. అంటే తన లెక్క ఉపగ్రహాన్ని నిలబెట్టడానికి చాలదని ఆ మనిషికి ముందే తెలుస్తుంది. ఆరంకెలు రాసిన వాడికి ఆ హెచ్చరిక అందదు. అసలు GM 3.986తో మొదలవుతుంది. కాలిక్యులేటర్ చూపిన 3.981లో నాలుగో అంకె నుంచి అంతా తప్పే.

మరి ఉపగ్రహాల లెక్కలు చేసేవాళ్లు ఏం చేస్తారు? వాళ్లు G, M లను గుణించనే గుణించరు. వాళ్ల పట్టికలో GM ఒకే సంఖ్యగా ఉంటుంది: 3.986004418 × 10¹⁴. పది సార్థక అంకెలు. చివరి అంకెలో మాత్రం ఎనిమిది దాకా అటూ ఇటూ ఉండొచ్చు. ఇక్కడే చదువరికి అనుమానం రావాలి. G ఇవాళ్టికీ ఐదారంకెలకు మించి తెలియదు. M కూడా అంతే. మరి వాటి లబ్ధానికి పదంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి? తక్కువ అంకెల కొలతను బట్టే జవాబు ఉండాలన్న సూత్రం ఏమైనట్టు?

లబ్ధాన్ని గుణించి తెలుసుకోలేదు, నేరుగా కొలిచారు. 1976లో నాసా లాజియోస్ అనే ఉపగ్రహాన్ని పంపింది. అరవై సెంటీమీటర్ల గోళం, ఒళ్లంతా 426 చిన్న ప్రతిఫలకాలు. అందులో ఇంజిను లేదు, కెమెరా లేదు. నేల మీద నుంచి లేజర్ మెరుపును పంపితే అది వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. వెళ్లి రావడానికి పట్టిన కాలం నుంచి దూరం తెలుస్తుంది, అదీ సెంటీమీటర్ల స్థాయిలో. ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో, ఎంతసేపటికి చుట్టు తిరుగుతోందో తెలిస్తే దూరపు ఘనాన్ని కాలపు వర్గంతో భాగించి GM రాబట్టొచ్చు. G ఎంతో, M ఎంతో విడివిడిగా తెలియక్కర్లేదు. ఉపగ్రహానికి కూడా ఆ రెండూ విడిగా తెలియవు. దాన్ని లాగేది లబ్ధమే.

Gని విడిగా కొలవాలంటే ప్రయోగశాలలో రెండు వస్తువులు ఒకదాన్నొకటి లాగే బలాన్ని కొలవాలి. ఆ పని మొదట సరిగ్గా చేసినవాడు హెన్రీ కావెండిష్. 1798లో లండన్‌లో ఆ ఫలితాలు ప్రచురించాడు. ఆయన వాడిన పెద్ద సీసపు గోళాలు ఒక్కోటి 158 కిలోలు, చిన్న గోళాలు ముప్పావు కిలో కంటే కాస్త తక్కువ. చిన్న గోళాల్ని ఒక కర్ర కొసలకు కట్టి, ఆ కర్రను సన్నని తీగకు వేలాడదీశాడు. పెద్ద గోళాల్ని దగ్గరకు తెస్తే తీగ ఎంత మెలి తిరుగుతుందో చూశాడు. చిన్న గోళం మీద పడే ఆ లాగుడు దాని సొంత బరువులో సుమారు ఐదు కోట్లలో ఒక వంతు. గదిలో మనిషి ఉంటే ఒంటి వేడికి గాలి కదిలి కర్ర ఊగుతుందని, గది మూసేసి బయటి నుంచి దూరదర్శినితో చూశాడు.

కావెండిష్ చెప్పింది G కాదు, భూమి సాంద్రత. నీటికన్నా 5.48 రెట్లు అన్నాడు. మూడంకెలు రాశాడు గానీ, పొరపాటు పద్నాలుగో వంతుకు మించి ఉండకపోవచ్చని మాత్రమే పూచీ పడ్డాడు. ఇవాళ్టి విలువ 5.51, ఆ హద్దులోనే ఉంది. తర్వాత కొన్ని దశాబ్దాలకు ఫ్రాన్సిస్ బెయిలీ ఆయన లెక్కను మళ్లీ చూశాడు. కావెండిష్ సగటు తీసింది 29 ఫలితాల నుంచి. అందులో ఒక 4.88 సగటులోకి వచ్చేసరికి 5.88గా మారింది. ఆ ఒక్క యూనిట్‌ను 29తో భాగిస్తే 0.034. అది సవరిస్తే సగటు 5.448 అవుతుంది. అంటే ఆయన రాసిన 5.48లో చివరి అంకె ఆ లెక్కల పొరపాటు వల్ల వచ్చింది. అంతటి ప్రయోగాన్ని చేసిన మనిషి కూడికలో తప్పటం నాకు ఆశ్చర్యం కలిగించదు. కానీ పద్నాలుగో వంతు అని ముందే చెప్పి పెట్టడం మాత్రం గొప్పగా అనిపిస్తుంది.

ఆ తర్వాత రెండు శతాబ్దాలు గడిచినా G లొంగలేదు. స్థిరాంకాల విలువల్ని సమీక్షించే అంతర్జాతీయ కమిటీ కోడాటా 1986లో 6.67259 × 10⁻¹¹ అని ప్రకటించింది. చివరి రెండంకెల్లో 85 అటూ ఇటూ ఉండొచ్చని పక్కన రాసింది. 1990లలో జర్మనీ జాతీయ కొలమాన సంస్థ చేసిన ప్రయోగంలో దానికన్నా అర శాతానికి పైగా ఎక్కువ విలువ వచ్చింది. ఎందుకలా వచ్చిందో అప్పట్లో ఎవరూ తేల్చలేకపోయారు. దాంతో కమిటీ 1998లో వెనక్కి తగ్గింది. G విలువను 6.673గా, అనిశ్చితిని 0.010గా మార్చింది. పన్నెండేళ్ల తర్వాత ఒక ప్రకృతి స్థిరాంకానికి అంకెలు పెరగాల్సింది పోయి తగ్గాయి. ఇప్పటి విలువ 6.67430, చివరి రెండంకెల్లో 15 అటూ ఇటూ.

భూమి ద్రవ్యరాశికి ఇందులో పాత్ర ఏంటంటే, భూమిని విడిగా ఎవరూ తూచలేదు. GMను Gతో భాగించి M రాస్తారు. అందుకే Gలో ఎంత అనిశ్చితి ఉంటే Mలోనూ అంత ఉంటుంది. 1998 నాటి G ప్రకారం M 5.973 × 10²⁴ కిలోలు, చివరి అంకెలో తొమ్మిది అటూ ఇటూ. ఇప్పటి G ప్రకారం 5.9722 × 10²⁴.

గుణకార సూత్రానికి ఉన్న హద్దు ఇక్కడ బయటపడుతుంది. పాస్‌బుక్‌లో ఉన్న విస్తీర్ణం కచ్చితంగా తెలిసిన పొలం ఒకటి ఉందనుకోండి. పొడవును అడుగులేసి సుమారుగా కొలిచారు. వెడల్పును కొలవకుండా, విస్తీర్ణాన్ని ఆ పొడవుతో భాగించి రాసుకున్నారు. పొడవూ వెడల్పూ రెండూ కాస్త తప్పే. అయినా వాటిని గుణిస్తే విస్తీర్ణం సరిగ్గా వస్తుంది, ఎందుకంటే పొడవు ఎంత ఎక్కువైతే వెడల్పు అంత తక్కువగా రాసుకున్నాం. G, M ల పొత్తు అలాంటిదే. 6.67430ను 5.97217తో గుణిస్తే 39.86005 వస్తుంది. Gలో ఐదో అంకె దగ్గరే అనుమానం మొదలైనా, లబ్ధం ఆరంకెల దాకా సరిగ్గా ఉంది. సార్థక అంకెల సూత్రం రెండు కొలతల్లోని తప్పులకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకునే చోటే నడుస్తుంది. ఒక కొలతను రెండోదాని నుంచి రాబట్టినప్పుడు అది వర్తించదు.

ఆ పొత్తును విడదీస్తే ఏమవుతుందో కూడా చూడండి. పాత పుస్తకంలోని 6.673ను తీసుకుని, కొత్త పట్టికలోని 5.97217తో గుణిస్తే 39.852 వస్తుంది. అంటే 3.9852 × 10¹⁴. నాలుగో అంకె దగ్గరే తేలిపోయింది. రెండు సంఖ్యలూ పేరున్న చోట్ల అచ్చయినవే, ఏదీ అచ్చుతప్పు కాదు. వాటిని రెండు కాలాల నుంచి తెచ్చి కలపడమే తప్పు. కాబట్టి G ఏ పట్టికలోంచి తీసుకుంటే M కూడా ఆ పట్టికలోంచే తీసుకోవాలి. GM నేరుగా దొరికితే గుణకారం జోలికే పోవద్దు. పరీక్షలో 6.67, 5.97 ఇచ్చి లబ్ధం అడిగితే మాత్రం ఆ రెండూ విడివిడి కొలతలన్నట్టే చూసి, 3.98 × 10¹⁴ దగ్గర కలం ఆపాలి.

ఉపగ్రహాల పుణ్యమా అని GM పదంకెలకు తెలిసినా, భూమి ద్రవ్యరాశి దగ్గరికొస్తే G లోటు G లోటే. 5.97217 × 10²⁴లో చివరి అంకె 13 అటూ ఇటూ. కిలోల్లో చెప్పాలంటే 1.3 × 10²⁰. భూమ్మీది సముద్రాల నీరంతా కలిపితే సుమారు 1.4 × 10²¹ కిలోలు. అందులో దాదాపు పదో వంతు ద్రవ్యరాశి భూమికి ఎక్కువుందో తక్కువుందో ఇవాళ్టికీ తేలలేదు. Gని ఇప్పటికన్నా మెరుగ్గా కొలిచేదాకా తేలదు కూడా.